కూడితే సున్నా, నకలు రాకూడదు

ఒక కాగితం మీద ఈ పది సంఖ్యలు రాసుకోండి: 2, -4, 0, -2, 2, 0, -2, 4, 0, 2. వీటిలోంచి ఏవైనా మూడు తీసి కూడితే మొత్తం సున్నా రావాలి. అలాంటి జట్లు ఎన్ని ఉంటే అన్నీ రాయాలి. ఒకసారి రాసిన జట్టును మాత్రం రెండోసారి రాయకూడదు. లెక్క ఇంతే. దీన్ని ప్రోగ్రామర్లు 'త్రీ సమ్' అంటారు. లీట్‌కోడ్ అనే సాధన వెబ్‌సైట్‌లో ఇది 15వ నంబరు ప్రశ్న. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లలో దీన్ని చేయని వాళ్లు అరుదు. మొదటిసారే తప్పు లేకుండా చేసినవాళ్లు ఇంకా అరుదు.

విచిత్రం ఏమిటంటే, చాలామంది తడబడేది కూడికలో కాదు. సున్నా వచ్చే జట్లను పట్టుకోవడం కొంచెం ఆలోచిస్తే ఎవరికైనా వస్తుంది. 'రెండోసారి రాయకూడదు' అన్న ఆ చిన్న షరతు దగ్గరే ప్రోగ్రాములు బోల్తా పడతాయి. కొన్ని ఒకే జట్టును మూడుసార్లు రాస్తాయి. కొన్ని నకళ్లను తీసేసే ఊపులో అసలు జట్లనే పారేస్తాయి. రెండో రకం తప్పు మరీ ప్రమాదం, ఎందుకంటే జవాబు చూడటానికి శుభ్రంగానే ఉంటుంది.

ముందు చేత్తో చేసి చూద్దాం. -2, 0, 2 కలిస్తే సున్నా. -4, 0, 4 కూడా అంతే. కాస్త వెతికితే -4, 2, 2 దొరుకుతుంది. తర్వాత -2, -2, 4. చివరికి 0, 0, 0. ఈ అయిదే జవాబు, ఇంకేమీ లేవు.

కానీ కంప్యూటరుకు ఇదే పని ఆలోచన లేకుండా అప్పగిస్తే కథ వేరుగా ఉంటుంది. పది సంఖ్యల్లోంచి మూడింటిని ఎంచుకునే మార్గాలు 120. ఆ నూట ఇరవైనీ ఒక్కొక్కటే కూడి చూస్తే, సున్నా వచ్చేవి 26 తేలతాయి. మనకు అయిదే కదా కనిపించింది? మిగతా 21 ఎక్కడివి? మన జాబితాలో -2 రెండుసార్లు ఉంది, 0 మూడుసార్లు, 2 మూడుసార్లు. కాబట్టి '-2, 0, 2' అనే జట్టు ఒక్కటే రెండు మూళ్లు ఆరు, ఆరు మూళ్లు పద్దెనిమిది సార్లు పుడుతుంది. ఆ పద్దెనిమిదిలో ఏ రెంటికీ స్థానాలు మూడూ ఒకటి కావు, విలువలు మాత్రం ఒకటే. ఈ లెక్క అడిగేది విలువల గురించి. మూడో స్థానంలో ఉన్న సున్నా, ఆరో స్థానంలో ఉన్న సున్నా దీని దృష్టిలో ఒకటే. అయితే ఒకే జట్టులో రెండు -2లు ఉండటం తప్పు కాదు. జాబితాలో రెండు ఉన్నాయి గనక రెండింటినీ వాడుకోవచ్చు. ఈ రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడండి: విలువ జట్టులో మళ్లీ రావచ్చు, జట్టు జవాబులో మళ్లీ రాకూడదు. గందరగోళమంతా ఈ రెండింటి మధ్యే ఉంది.

సరే, పరిష్కారానికి వద్దాం. అందరూ మొదట చెప్పేది సంఖ్యల్ని చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసలో పెట్టమని, అంటే సార్ట్ చేయమని. పెడితే మన జాబితా ఇలా మారుతుంది: -4, -2, -2, 0, 0, 0, 2, 2, 2, 4. ఈ ఒక్క పనితో మనకు రెండు లాభాలు. ఒకటి, ఒకేలాంటి విలువలు పక్కపక్కన చేరాయి. ఇక నకలును గుర్తించాలంటే జాబితా అంతా వెతకక్కర్లేదు, పక్కనున్న సంఖ్యను చూస్తే చాలు. రెండు, కుడికి పోతే విలువ తగ్గదు, ఎడమకు వస్తే పెరగదు అన్న భరోసా దొరికింది. ఈ రెండో లాభమే వెతుకులాటను వేగంగా చేస్తుంది. మొదటిది నకళ్ల సంగతి చూసుకుంటుంది.

మూడు కుర్చీలు ఉన్నాయనుకుందాం. జట్టులో అన్నిటికన్నా చిన్న సంఖ్య మొదటి కుర్చీలో, మధ్యది రెండో కుర్చీలో, పెద్దది మూడో కుర్చీలో కూర్చుంటుంది. మొదటి కుర్చీలో వరుసలోని మొదటి సంఖ్యను కూర్చోబెడతాం. దాని కుడివైపు మిగిలిన భాగం మీద రెండు వేళ్లు పెడతాం. ఎడమ వేలు ఆ భాగం మొదట్లో, కుడి వేలు చిట్టచివర. ప్రోగ్రామర్లు వీటిని పాయింటర్లు అంటారు. ఎడమ వేలు చూపించేది రెండో కుర్చీకి, కుడి వేలు చూపించేది మూడో కుర్చీకి. మూడూ కూడి చూస్తాం. మొత్తం సున్నా కన్నా తక్కువైతే ఎడమ వేలును ఒక అడుగు కుడికి జరుపుతాం. ఎక్కువైతే కుడి వేలును ఒక అడుగు ఎడమకు జరుపుతాం. రెండు వేళ్లూ కలిసేదాకా ఇదే వరస.

ఇలా జరిపితే మధ్యలో ఏ జట్టూ తప్పిపోదా అన్న అనుమానం రావాలి. వచ్చినవాళ్లకే ఇది నిజంగా అర్థమైనట్టు. మొత్తం తక్కువ వచ్చిందంటే, మూడో కుర్చీలో ప్రస్తుతం దొరికే అతి పెద్ద సంఖ్య కూర్చున్నా మనకు చాలలేదన్నమాట. అలాంటప్పుడు ఎడమ వేలు కింద ఉన్న సంఖ్యకు మిగిలినవాటిలో ఎవరు తోడైనా సున్నాకు చేరదు. దాన్ని నిశ్చింతగా వదిలేయవచ్చు. మొత్తం ఎక్కువ వచ్చినప్పుడు ఇదే తర్కం కుడి వేలుకు వర్తిస్తుంది. రెండో కుర్చీలో దొరికే అతి చిన్నది ఉన్నా మొత్తం దాటిపోతోంది కాబట్టి కుడి వేలు కింద ఉన్నది పనికిరాదు. అంటే ప్రతి అడుగులోనూ ఒక సంఖ్యకున్న జతలన్నిటినీ కూడకుండానే ఒక్కసారిగా కొట్టేస్తున్నాం. వరుసలో పెట్టకపోతే ఈ ధైర్యం ఉండదు.

ఇప్పుడు నకళ్ల నియమం. మొదటి కుర్చీలో ఒకసారి కూర్చుని లేచిన విలువ మళ్లీ అదే కుర్చీలో కూర్చోకూడదు. మొదటి కుర్చీలో ఉన్నది మారనంతవరకు, రెండో కుర్చీకీ అదే కట్టుబాటు. ఇక్కడ నిషేధం విలువ మీద కాదు, ఆ విలువ అదే కుర్చీకి తిరిగి రావడం మీద. మొదటి కుర్చీలో -2 ఉన్నప్పుడు రెండో కుర్చీలో ఇంకో -2 కూర్చుంటే తప్పేమీ లేదు, వేరే కుర్చీ కదా. ఈ తేడా పట్టుబడితే ప్రోగ్రాములో ఏ షరతు ఎక్కడ రాయాలో మనసులో నిలుస్తుంది.

మూడో కుర్చీ సంగతేమిటి? అక్కడ వేరే నియమమే అక్కర్లేదు. మొదటి రెండూ తెలిసిపోతే మూడోది తనంతట తానే తేలిపోతుంది. -4, 0 కూర్చుంటే మూడోది 4 తప్ప ఇంకేదీ కాలేదు. కాబట్టి మొదటి రెండు కుర్చీల జంట మళ్లీ రాకుండా చూసుకుంటే జట్టు మళ్లీ రాదు. చాలా పుస్తకాల్లో, వీడియోల్లో కుడి వేలును కూడా నకళ్లు దాటించే లూపు ఒకటి కనిపిస్తుంది. అది ఉంటే ఒకటి రెండు కూడికలు మిగులుతాయి. లేకపోయినా జవాబు మారదు. నా మటుకు నాకు అది లేకుండా రాయడమే ఇష్టం. ఎందుకుందో చెప్పలేని లైను ప్రోగ్రాములో ఉండకపోవడమే మంచిది.

పైథాన్‌లో రాస్తే పని మొత్తం ఇంత:

```python
a.sort()
out = []
n = len(a)
for i in range(n - 2):
    if a[i] > 0:
        break
    if i > 0 and a[i] == a[i-1]:
        continue
    l, r = i + 1, n - 1
    while l < r:
        s = a[i] + a[l] + a[r]
        if s < 0:
            l += 1
        elif s > 0:
            r -= 1
        else:
            out.append((a[i], a[l], a[r]))
            l += 1
            r -= 1
            while l < r and a[l] == a[l-1]:
                l += 1
```

కోడ్ అలవాటు లేనివాళ్లు దీన్ని దాటేసినా ఫర్వాలేదు. `i` మొదటి కుర్చీ, `l` ఎడమ వేలు, `r` కుడి వేలు అని గుర్తుంటే చాలు. మన పది సంఖ్యల మీద దీన్ని నడిపిద్దాం.

మొదటి కుర్చీలో -4. ఎడమ వేలు మొదటి -2 మీద, కుడి వేలు చివరి 4 మీద. మొత్తం -2, చాలలేదు. ఎడమ వేలు జరిగి రెండో -2 మీదకు వచ్చింది. మళ్లీ -2, మళ్లీ చాలలేదు. ఇంకో అడుగు వేస్తే మొదటి సున్నా. -4, 0, 4 కూడితే సున్నా వచ్చింది, రాసుకున్నాం. రెండు వేళ్లూ చెరో అడుగు లోపలికి జరిగాయి. కానీ ఎడమ వేలు కింద మళ్లీ సున్నాయే ఉంది. రెండో కుర్చీలో సున్నా ఇప్పుడే కూర్చుని లేచింది కదా, అందుకని దాన్నీ, దాని పక్క సున్నానూ దాటేసి మొదటి 2 దగ్గరికి చేరుతుంది. కుడి వేలు ఈలోగా చివరి 2 మీద ఉంది. -4, 2, 2 కూడితే సున్నా. రెండో జట్టు దొరికింది. వేళ్లు జరిగి మధ్యలో ఉన్న 2 మీద కలుసుకున్నాయి. -4 పని అయిపోయింది.

మొదటి కుర్చీలోకి -2 వచ్చింది. ఎడమ వేలు దాని పక్కనే ఉన్న ఇంకో -2 మీద, కుడి వేలు 4 మీద. మొదటి కూడికకే సున్నా. -2, -2, 4 రాసుకున్నాం. వేళ్లు జరిగితే ఎడమన 0, కుడిన 2. మళ్లీ సున్నాయే. -2, 0, 2 రాసుకున్నాం. ఎడమ వేలు మిగతా సున్నాలను దాటి మొదటి 2 మీదకు, కుడి వేలు మధ్య 2 మీదకు వచ్చాయి. ఈసారి మొత్తం 2, ఎక్కువైంది. కుడి వేలు ఒక అడుగు వెనక్కి వేయగానే రెండూ కలిశాయి. పద్దెనిమిది సార్లు పుట్టగల జట్టు ఒక్కసారే రాతలోకి వచ్చింది.

తర్వాతి సంఖ్య మళ్లీ -2. మొదటి కుర్చీలో ఇది కూర్చుని లేచిందే, దాటేశాం. ఆపైన 0. ఎడమ వేలు పక్క సున్నా మీద ఉండగా కుడి వేలు 4, 2, 2, 2 మీదుగా వెనక్కి వస్తుంది. ప్రతిచోటా మొత్తం ఎక్కువే. చివరికి మూడో సున్నా దగ్గర 0, 0, 0 దొరుకుతుంది. మిగతా రెండు సున్నాలను మొదటి కుర్చీలోకి రానివ్వం. ఆపైన 2 వస్తుంది. అన్నిటికన్నా చిన్నదే సున్నాకు పైన ఉంటే, మిగతా రెండూ అంతకు తక్కువ కావు గనక మొత్తం ఎప్పటికీ సున్నా కాలేదు. అక్కడితో ఆపేయవచ్చు. మొత్తం వేసిన కూడికలు 12. గుడ్డిగా చేస్తే 120.

ఇప్పుడు తప్పులు ఎలా పుడతాయో చూద్దాం. మొదటి కుర్చీ నియమం రాసేటప్పుడు `a[i] == a[i-1]` అనడానికి బదులు `a[i] == a[i+1]` అని రాసేవాళ్లు బోలెడు మంది. వెనక్కి చూడాల్సింది ముందుకు చూశారు. పక్కపక్కన ఒకే విలువ ఉంటే ఒకదాన్ని వదిలేస్తున్నాం, ఏది వదిలితేనేం అనిపిస్తుంది. కానీ ముందుకు చూసి వదిలితే, గుంపులో చివరిది మాత్రమే మొదటి కుర్చీలోకి వస్తుంది. దాని కుడివైపు దానిలాంటిది ఇంకొకటి మిగలదు. అంటే -2 పక్కన -2 కూర్చునే అవకాశమే పోయింది. మన జాబితా మీద ఈ ప్రోగ్రామును నడిపితే -4, 0, 4 వస్తుంది, -4, 2, 2 వస్తుంది, -2, 0, 2 వస్తుంది. అంతటితో సరి. -2, -2, 4, దానితోపాటు 0, 0, 0 మాయం. అయిదుకు మూడే. వచ్చిన మూడూ సరైనవే, ఒక్క నకలూ లేదు. తప్పు జరిగిందని చెప్పే ఆనవాలు జవాబులో ఎక్కడా కనిపించదు. వెనక్కి చూసినప్పుడు గుంపులో మొదటిది కుర్చీలోకి వస్తుంది, దాని తోటివాళ్లంతా కుడివైపునే రెండో కుర్చీకి అందుబాటులో ఉంటారు.

ఇదే నష్టం ఇంకో దారిలోనూ జరుగుతుంది. రెండో కుర్చీలో నకళ్లను దాటే పని, జట్టు దొరికాక కాకుండా కూడికకు ముందే చేస్తే, ఎడమ వేలు తన మొదటి చోటులోనే వెనక్కి చూసి మొదటి కుర్చీలో ఉన్న -2ను నకలుగా లెక్కగడుతుంది. వేరే కుర్చీలో ఉన్నదాన్ని చూసి తన కుర్చీ నిండిందనుకోవడం అన్నమాట. దీనికీ పోయేవి ఆ రెండు జట్లే. మీ ప్రోగ్రాములో ఈ జబ్బు ఉందో లేదో తేల్చుకోవడానికి పెద్ద పరీక్షలు అక్కర్లేదు. మూడు సున్నాలు మాత్రమే ఉన్న జాబితా ఇవ్వండి. జవాబు ఖాళీగా వస్తే దొంగ దొరికినట్టే.

ఆ మూడు సున్నాల జాబితా ఇంకో తప్పును కూడా బయటపెడుతుంది. నకళ్లను దాటే లోపలి లూపులో `l < r` అన్న షరతు రాయడం మరిచిపోతే, జట్టు దొరికాక ఎడమ వేలు చివరి సున్నా మీదకు వస్తుంది. వెనకది కూడా సున్నాయే కాబట్టి ఇంకో అడుగు వేస్తుంది. అక్కడ జాబితా అయిపోయింది. పైథాన్ `list index out of range` అని మొరాయిస్తుంది. ఈ తప్పు కనీసం అరుస్తుంది, కాబట్టి పట్టుకోవడం తేలిక.

ఇక నకళ్లను దాటడం పూర్తిగా మానేస్తే? 26 సార్లు రాస్తుందని అనుకుంటాం. రాయదు. మన జాబితా మీద ఆ ప్రోగ్రాము పది జట్లు రాస్తుంది. అందులో '-2, 0, 2' ఆరుసార్లు, మిగతా నాలుగూ ఒక్కోసారి. కారణం ఏమిటంటే, జట్టు దొరికినప్పుడు రెండు వేళ్లూ ఒకేసారి జరుగుతాయి, అందువల్ల మూడు సున్నాలకూ మూడు రెండ్లకూ ఉండాల్సిన తొమ్మిది జతల్లో మూడే కనిపిస్తాయి. అంటే ఆ పది అనే సంఖ్యకు అర్థమేమీ లేదు. అది విలువల జట్ల లెక్క కాదు, స్థానాల జట్ల లెక్కా కాదు. 'ఎన్ని మార్గాలున్నాయి' అని అడిగే వేరే ప్రశ్నకు ఈ ప్రోగ్రామునే నకళ్ల లైన్లు తీసేసి వాడుకుందామని చూసేవాళ్లు ఇక్కడ మోసపోతారు. దానికి ప్రతి విలువ ఎన్నిసార్లు ఉందో విడిగా లెక్కపెట్టి గుణించాలి.

నకళ్లను ముందే ఆపకుండా చివర్లో ఏరేసే పద్ధతి కూడా ఉంది. దొరికిన ప్రతి జట్టునూ వరుసలో పెట్టి సెట్ అనే సంచిలో వేస్తే, అది రెండోసారి వచ్చినదాన్ని తనే కలిపేసుకుంటుంది. జవాబు సరిగ్గానే వస్తుంది. ఇంటర్వ్యూలో ఇది చెబితే అవతలివాళ్లు తప్పనరు, కానీ 'సెట్ లేకుండా చేయగలరా' అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఆ ప్రశ్నలో చాదస్తమేమీ లేదు. మూడు వేల సున్నాలున్న జాబితా తీసుకోండి. మూడు లూపులతో గుడ్డిగా చేస్తే అందులో దాదాపు 450 కోట్ల జట్లుంటాయి, ప్రతిదీ సున్నాయే, ప్రతిదాన్నీ సంచిలోకి తోయాలి. చివరికి మిగిలేది ఒకే ఒక్క జట్టు. మన పద్ధతిలో అయితే మొదటి కూడికకే జట్టు దొరుకుతుంది. ఎడమ వేలు మిగతా సున్నాలన్నిటినీ దాటుకుంటూ పోతుంది, ఆపైన మొదటి కుర్చీలోకి ఎవరినీ రానివ్వం. సుమారు ఆరు వేల చిన్న అడుగుల్లో పని ముగుస్తుంది. నకళ్లు ఎంత ఎక్కువగా ఉంటే మన పని అంత తేలిక కావడం ఈ పద్ధతిలోని అందం.

మూడు వేలు అన్నది ఊరికే చెప్పిన సంఖ్య కాదు. లీట్‌కోడ్ ప్రశ్నలో జాబితా పొడవుకు పెట్టిన హద్దు అదే. 450 కోట్ల కూడికలంటే, సెకనుకు కోటి చేసే యంత్రానికి ఏడున్నర నిమిషాలు పడుతుంది. రెండు వేళ్ల పద్ధతిలో మొదటి కుర్చీలో ఒక్కో సంఖ్య ఉన్నప్పుడు వేళ్లు జాబితాను ఒక్కసారే దాటుతాయి. అన్నీ కలిపితే ఎక్కువలో ఎక్కువ సుమారు 45 లక్షల కూడికలు, అదే యంత్రానికి అర సెకను. వెయ్యి రెట్ల తేడా. మొదట్లో వరుసలో పెట్టడానికి అయ్యే ఖర్చు దీని ముందు లెక్కలోకి రాదు. మూడు వేల సంఖ్యలను సార్ట్ చేయడానికి ముప్పై నలభై వేల పోలికలు చాలు.

ఇంతకన్నా వేగంగా చేయగలమా? జట్లన్నీ రాయాలంటే వీలుకాదు, దానికి కారణం చాలా సూటిగా ఉంది. -1499 నుంచి 1499 దాకా ఉన్న సంఖ్యలన్నీ ఒక్కోసారి ఇచ్చారనుకోండి. మొత్తం 2999 సంఖ్యలు, ఒక్క నకలూ లేదు. వాటిలో సున్నా వచ్చే జట్లు 11 లక్షలు దాటతాయి. జవాబు రాయడానికే 11 లక్షల లైన్లు కావాలి. జాబితా రెండింతలైతే ఈ లైన్లు నాలుగింతలవుతాయి. పొడవు వర్గంతో పాటు జవాబే పెరిగేటప్పుడు, అంతకన్నా తక్కువ పనితో దాన్ని ఎవరూ రాయలేరు.

అన్నీ రాయనక్కర్లేదు, అలాంటి జట్టు ఒక్కటైనా ఉందా లేదా చెబితే చాలు అంటే ప్రశ్న మారుతుంది. ఇక్కడికొస్తే ఇది ఇంటర్వ్యూ గదిని దాటి కంప్యూటర్ శాస్త్ర పరిశోధనలోకి వెళ్తుంది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌కు చెందిన అంకా గాజెంటాన్, మార్క్ ఓవర్‌మార్స్ 1995లో ప్రచురించిన వ్యాసంలో, జ్యామితిలోని చాలా ప్రశ్నలు ఈ త్రీ సమ్‌కు చుట్టాలేనని చూపించారు. (గేమ్ మేకర్ అనే ఆటల సాఫ్ట్‌వేర్‌ను మొదట తయారుచేసింది కూడా ఈ ఓవర్‌మార్సే.) ఆ ప్రశ్నల్లో ఏదో ఒకదాన్ని బాగా వేగంగా చేయగలిగితే త్రీ సమ్ కూడా అంత వేగంగా అయిపోతుంది. వాటిలో ఒకటి ఇది: కాగితం మీద చుక్కలు ఇచ్చారు, వాటిలో ఏ మూడైనా ఒకే సరళ రేఖ మీద ఉన్నాయా?

కూడికకూ సరళ రేఖకూ చుట్టరికం ఎలా కుదిరిందో ఇంటర్‌లో నేర్చుకున్న గణితంతోనే తెలుస్తుంది. ప్రతి సంఖ్యకూ ఒక చుక్క పెట్టండి. అడ్డంగా ఆ సంఖ్య, నిలువుగా దాని ఘనం. -3, 1, 2 తీసుకుంటే చుక్కలు (-3, -27), (1, 1), (2, 8). 1 నుంచి 2కు పోతే అడ్డంగా ఒకటి, నిలువుగా ఏడు పెరిగింది, అంటే వాలు 7. -3 నుంచి 1కి పోతే అడ్డంగా 4, నిలువుగా 28, వాలు మళ్లీ 7. మూడు చుక్కలూ ఒకే గీత మీద ఉన్నాయి. ఆ మూడు సంఖ్యలు కూడితే సున్నా. ఇది కాకతాళీయం కాదు. ఒక సరళ రేఖ ఈ వక్రరేఖను మూడు చోట్ల కోస్తే, ఆ మూడు అడ్డ విలువలు ఒక ఘన సమీకరణానికి మూలాలు. ఆ సమీకరణంలో వర్గ పదం ఉండదు. వర్గ పదం లేని ఘన సమీకరణం మూలాల మొత్తం ఎప్పుడూ సున్నాయే. కాబట్టి మూడు వేర్వేరు సంఖ్యలు సున్నాకు కూడతాయా అని అడగడమూ, ఆ చుక్కలు ఒకే గీత మీద పడతాయా అని అడగడమూ ఒకటే. వేర్వేరు అన్న మాట ఇక్కడ గమనించాలి. -2, -2, 4 లాంటి జట్టుకు మూడు చుక్కలు ఉండవు, రెండే ఉంటాయి. ఈ చుట్టరికం కలిపేటప్పుడు కూడా మళ్లీ వచ్చిన విలువల సంగతి ముందే విడిగా చూసుకోవాలి.

పొడవు వర్గానికి తగ్గట్టు పనిచేయడమే ఉత్తమమని, అంతకన్నా ఎవరూ తగ్గించలేరని చాలాకాలం నమ్మారు. 2014లో అలన్ గ్రన్‌లండ్, సెత్ పెట్టీ ఆ నమ్మకాన్ని పడగొట్టారు. అయితే వాళ్లు తగ్గించింది చాలా కొంచెం. జాబితా పొడవు ఎంత పెరిగినా మిగిలేది దాని లాగరిథమ్ స్థాయిలోని చిన్న వంతే. అందుకే నమ్మకాన్ని కొద్దిగా సవరించి మళ్లీ నిలబెట్టారు: లాగరిథమ్ స్థాయి మిగులు కాకుండా, వర్గం అన్న ఘాతాన్నే 2 నుంచి 1.99కైనా దించగలమా అన్నది ఇప్పటి ప్రశ్న. దించినవాళ్లు లేరు, దించలేమని రుజువు చేసినవాళ్లూ లేరు.